డిగ్రీ చేతికొచ్చాక ఎటు? బలాలు, బలహీనతల కాగితం సరిగ్గా రాసుకునే పద్ధతి

ఒక డిగ్రీ కాలేజీలో కొన్నేళ్లు ప్లేస్‌మెంట్ల పని చూశాను. మొదటి ఏడాది ఫైనలియర్ పిల్లలకు తెల్లకాగితాలిచ్చి బలాలు, బలహీనతలు రాయమన్నాను. తిరిగొచ్చిన కాగితాల మీద పేర్లు మూసేస్తే ఏది ఎవరిదో చెప్పలేని పరిస్థితి. "కష్టపడతాను, నలుగురితో కలిసిపోతాను" అనేవి బలాలు. "కోపం ఎక్కువ, ఇంగ్లిష్ రాదు" అనేవి బలహీనతలు. తప్పు పిల్లలది కాదు, నేను అడిగిన తీరుదే.

ఇప్పటికీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పిల్లలు అదే ప్రశ్నతో వస్తుంటారు: "సార్, డిగ్రీ అయిపోనాది. ఏటి చెయ్యాలో తెలీట్లేదు. నా బలాలేటో ఎలాగ తెలుస్తాది?" వాళ్లకు చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఉదాహరణకు మా మేనల్లుణ్ణి తీసుకుంటాను. పొందూరు దగ్గర పల్లె, బీఎస్సీ కెమిస్ట్రీ, 21 ఏళ్లు. మొత్తం పని ఐదారు వారాలు పట్టింది.

మొదలుపెట్టే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి:

- ఒక నోటుబుక్కు (ఫోనులో వద్దు, పేజీలు పక్కపక్కన పెట్టి చూడాల్సి వస్తుంది)
- కాలేజీ రికార్డులు, మార్కుల లిస్టులు, పాత వాట్సాప్ మెసేజులు (జ్ఞాపకం తప్పినప్పుడు ఇవే సాక్ష్యం)
- ఎవరూ పిలవని ఒక మధ్యాహ్నం
- రిజల్టు వచ్చిన రోజు, స్నేహితుడికి ఉద్యోగం వచ్చిన రోజు కాకుండా మామూలు రోజు

## 1. ముందు దారులు రాయండి, బలాలు తర్వాత

అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. ముందు బలాలు రాసి, వాటికి సరిపోయే ఉద్యోగం వెతుకుతారు. కానీ బలమనేది గాల్లో ఉండదు, ఒక పని పక్కన పెట్టి చూస్తేనే అది బలమో కాదో తెలుస్తుంది. నెమ్మదిగా, ఆచితూచి చేసే గుణం ల్యాబులో బలం, గడియారం పెట్టి రాసే పరీక్షలో బలహీనత. మనిషి అదే, గుణమూ అదే.

కాబట్టి ముందు మూడు దారులు రాయండి. రెండైతే పోలిక చాలదు, ఐదైతే ఏదీ లోతుగా చూడరు. మావాడు రాసినవి ఇవి: పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబు, బ్యాంకు క్లర్కు పరీక్ష, బీఎడ్ చేసి టీచరు.

ఆ తర్వాత ఒక్కో దారి కింద, ఆ ఉద్యోగంలో ఉన్న మనిషి రోజంతా చేతులతో ఏం చేస్తాడో నాలుగైదు పనులు రాయాలి. జీతం, హోదా, పెళ్లి సంబంధాలు ఇక్కడ రాయకూడదు. ఇది ఇంట్లో కూర్చుని ఊహించే పని కాదు. ఆ ఉద్యోగంలో చేరి రెండేళ్లలోపే అయిన మనిషిని పట్టుకుని అడగాలి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నాయన తన ఇప్పటి రోజు చెబుతాడు, మీకు కావాల్సింది మొదటి ఏడాది రోజు.

అడగాల్సినవి నాలుగే:

- నిన్న డ్యూటీలో గంట గంటకీ ఏం చేశావు?
- రోజులో ఎక్కువసార్లు చేసే పని ఏది?
- కొత్తగా చేరినవాళ్లు ఎందుకు మానేస్తున్నారు?
- ఏ తప్పుకు తిట్లు పడతాయి?

చివరి ప్రశ్నకు వచ్చిన జవాబే మావాడి కళ్లు తెరిపించింది. క్యూసీలో పనిచేసే వాళ్ల కాలేజీ సీనియర్ చెప్పాడు: "ఎనాలిసిస్ తప్పయితే మళ్లీ చూస్తారు. రాతలో దొంగతనం చేస్తే మాత్రం ఊరుకోరు." అక్కడ అంకె తప్పు పడితే దిద్దకూడదు, వైట్‌నర్ వాడకూడదు. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వెయ్యాలి. అంటే ఆ ఉద్యోగంలో కెమిస్ట్రీ ఎంత ముఖ్యమో, చేసింది చేసినట్టు చేసినప్పుడే రాయడం అంతే ముఖ్యం. ఈ సంగతి సిలబస్‌లో కనబడదు.

## 2. విశేషణాలు కాదు, సంఘటనలు రాయండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. గత మూడేళ్లలో బాగా జరిగినవి ఆరు, చెడిపోయినవి ఆరు రాయండి. పెద్ద విజయాలు అక్కర్లేదు. చెల్లెలికి హాల్‌టికెట్టు తీసిపెట్టడం, ఊరి పండగ చందా లెక్క చూడటం, ప్రాక్టికల్ పరీక్ష, మధ్యలో వదిలేసిన కంప్యూటరు కోర్సు, ఏదైనా పరవాలేదు.

ఒక్కోదానికి నాలుగు వాక్యాలు: నేను ఏం చేశాను, ఎంతసేపు పట్టింది, ఏం తేలింది, ఎవరు చూశారు. "మేము" అని రాసినచోటల్లా ఆగి, అందులో మీ వాటా ఏమిటో విడదీయండి.

మావాడు మొదట పెన్ను పట్టుకుని గంట కూర్చున్నాడు. "మావయ్యా, నాకు బలాలేటున్నాయి? ఏటీ లేవు" అన్నాడు. బలాల సంగతి వదిలెయ్, ల్యాబులో ఏం జరిగిందో చెప్పమన్నాను. అప్పుడు ఇది బయటికొచ్చింది:

"రెండో ఏడాది టైట్రేషన్. బ్యూరెట్ రీడింగు మొదటిసారి ఒకటి, రెండోసారి ఇంకోటి వచ్చింది. మిగతావాళ్లు రెండోది మొదటిదానికి సరిపెట్టి రాసీసి వెళ్లిపోయారు. నాకు మనసొప్పక మళ్లీ చేశాను. నాలుగోసారికి రెండు రీడింగులు కలిశాయి. అందరికన్నా ఆఖర్న ల్యాబు నుంచి వచ్చాను. అటెండరు తాళం పట్టుకుని నిల్చున్నాడు."

తను దీన్ని చెడిపోయినవాటి కింద రాశాడు, ఆలస్యమైంది కాబట్టి! నేను మాత్రం ఒకటో దారి పేజీ తిప్పి చూపించాను. రీడింగును సరిపెట్టి రాయని మనిషి అక్కడ కావాలి. అదే సంఘటన బ్యాంకు పరీక్ష పేజీ పక్కన పెడితే ప్రమాద సూచన. అందుకే ఒక్కో సంఘటననూ మూడు దారుల పక్కనా పెట్టి చదవాలి.

పన్నెండు సంఘటనలు అయ్యాక, ఒకే గుణం మూడుచోట్ల కనబడితేనే దాన్ని బలమో బలహీనతో అని రాయండి. ఒక్కసారి జరిగింది అదృష్టం కావచ్చు, జ్వరం కావచ్చు. మావాడికి తేలినవి ఇవి: పదే పదే చేసే పనికి విసుగు లేదు, రాత శుభ్రం, గడియారం ఉంటే చెయ్యి తడబడుతుంది, గుంపు ముందు గొంతు పెగలదు.

మార్కుల గురించి ఒక మాట. ఎనభై శాతం వచ్చిందన్నది బలం కాదు. ఎలా వచ్చిందన్నది బలం. పరీక్షకు పదిరోజుల ముందు చదివి తెచ్చుకున్నవాడికీ, ఏడాదంతా రోజుకో గంట చదివినవాడికీ అంకె ఒక్కటే, దాని వెనకున్న గుణాలు వేరు.

## 3. నలుగుర్ని అడగండి, కానీ "నా బలాలేంటి?" అని కాదు

అలా అడిగితే అందరూ మొహమాటపడతారు. మన ఇళ్లల్లో అయితే "మా పిల్లడు బంగారం" అంటారు, లేదా పక్కింటి అబ్బాయితో పోల్చి చివాట్లు పెడతారు. రెండూ పనికిరావు.

రెండు ప్రశ్నలు చాలు: "నమ్మకంగా నాకు ఏ పని అప్పజెబుతావు? ఏ పని ఇంకొకరికి ఇస్తావు?" వెంటనే "ఎప్పుడు చూసి అలా అనిపించింది?" అని అడగాలి. సంఘటన చెప్పలేకపోతే ఆ మాట రాసుకోవద్దు.

ఎవర్ని అడగాలంటే, కలిసి పనిచేసిన క్లాస్‌మేటు ఒకరు, ప్రాక్టికల్స్ చూసిన లెక్చరరు ఒకరు, మీరు ఎప్పుడైనా పనిచేసి పెట్టిన మనిషి ఒకరు, ఇంట్లోవాళ్లు ఒకరు. అమ్మ మన తెలివితేటల విషయంలో మంచి సాక్షి కాదు గానీ, అలవాట్ల విషయంలో ఆవిడని మించిన సాక్షి లేదు. మా అక్క ఒక్క ముక్కలో చెప్పేసింది: "రాత్రి నిద్ర తక్కువైతే మర్నాడు తలపోటు అని పడుకుంటాడు." షిఫ్టుల ఉద్యోగం చూస్తున్నవాడికి అది చాలా విలువైన సమాచారం. వాడి పన్నెండు సంఘటనల్లో ఆ ఊసే లేదు.

## 4. బలహీనతల్ని మూడు కుప్పలుగా వేరుచెయ్యండి

బలహీనతల జాబితా రాసి ఆపేస్తే మిగిలేది దిగులే. దాన్ని ఇలా విడదీయాలి.

మొదటి కుప్ప, సాధనతో తగ్గేవి. రెండోది, సాధనతో పోకపోయినా ఏర్పాటుతో సర్దుకునేవి. మూడోది, ఆ దారిలో రోజూ అడ్డుపడేవి, అంటే దారినే మార్చాల్సినవి.

ఏది ఏ కుప్పలోకి వస్తుందో ఊహించకండి, కొలవండి. మావాడు "లెక్కలు రావు" అని రాశాడు. బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌లో లెక్కల విభాగం 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. ఆ లెక్కన ఒక మాక్ టెస్టు రాయించాను. 14 ప్రశ్నలు ముట్టుకున్నాడు, 11 ఒప్పు, 3 తప్పు, అంటే 10.25.

మర్నాడు అలాంటిదే ఇంకో పేపరు, గడియారం తీసేసి ఇచ్చాను. 55 నిమిషాలు పట్టింది, 35లో 31 ఒప్పు. అంటే లెక్కలు రాకపోవడం కాదు, వేగం లేకపోవడం. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరే. టైము లేకుండా కూడా పదిహేనే వచ్చి ఉంటే పదో తరగతి లెక్కల నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చేది.

వేగానికి ఎక్కాలు, వర్గాలు, భిన్నాలు రోజుకు గంట సాధన చేయించి, రెండు వారాలకొకసారి కొత్త పేపరు పెట్టాం. మూడో వారం 12.5, ఐదో వారం 16.25. అంకె పైకి కదులుతోంది కాబట్టి ఇది మొదటి కుప్పే. ఐదు వారాల తర్వాత కూడా పదకొండు దగ్గరే నిలిచిపోయి ఉంటే మూడో కుప్పలో వేసేవాణ్ణి.

తలపోటు రెండో కుప్ప. షిఫ్టు మారే ఉద్యోగంలో నిద్ర తగ్గడానికి సగం కారణం ప్రయాణం. పొందూరు నుంచి రోజూ తిరిగే బదులు రణస్థలంలో రూము తీసుకుంటే ఆ సమయం నిద్రకు మిగులుతుంది. కంపెనీ బస్సు ఏ ఊళ్లో ఎన్నింటికి ఆగుతుందో కూడా ముందే కనుక్కోవాలి. అయితే డాక్టరు వద్దన్న జబ్బేదైనా ఉంటే అది రెండో కుప్ప కాదు, మూడోదే.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, ఇంటి పరిస్థితిని తమ బలహీనతగా రాసుకోవడం. నాన్నకు అప్పుంది, కోచింగుకు డబ్బుల్లేవు, ఇంట్లో నేనే పెద్దదాన్ని. ఇవి మీ బలహీనతలు కావు. వేరే పేజీలో "ఇల్లు ఎన్ని నెలలు ఆగగలదు?" అని శీర్షిక పెట్టి, ఒక నెల పేరు రాయండి. ఇంట్లో అడిగే రాయండి. మావాడి పేజీలో "సంక్రాంతి వరకు" అని ఉంది. అప్పటికి అది నాలుగు నెలల దూరం.

## 5. దారికీ మనిషికీ పోలిక

ఇప్పుడు ఒక్కో దారికి ఒక పేజీ. ఎడమవైపు ఒకటో అడుగులో రాసిన రోజువారీ పనులు. కుడివైపు "ఉంది", "కొంత", "లేదు" అని ఒక్క మాట, పక్కన సాక్ష్యంగా సంఘటన.

మావాడి క్యూసీ పేజీ ఇలా ఉంది:

- శాంపిల్ తూచి, సొల్యూషన్ తయారుచెయ్యడం: ఉంది (టైట్రేషన్ రోజు)
- అప్పటికప్పుడు రాత, తప్పు దాచకపోవడం: ఉంది (ల్యాబు రికార్డు, లెక్చరరు మాట)
- పెద్ద మెషీన్లు నడపడం: లేదు (కాలేజీలో దూరం నుంచి చూడటమే)
- షిఫ్టులు: కొంత (తలపోటు)

మార్కులు వేసి కూడకండి. కూడితే అన్నీ సమానమైపోతాయి. చూడాల్సింది ఒక్కటే: "లేదు" అన్నది రోజుకు పదిసార్లు చేసే పని పక్కన పడిందా, నెలకోసారి చేసే పని పక్కన పడిందా? చేరాక వాళ్లే నేర్పే పని పక్కన పడిందా? మెషీన్లు కొత్తవాళ్లకు అక్కడే నేర్పుతారని సీనియర్ చెప్పాడు, కాబట్టి ఆ "లేదు" పెద్ద అడ్డంకి కాదు. టీచరు పేజీలో "ముప్ఫై మందితో రోజంతా మాట్లాడటం" పక్కన పడ్డ "లేదు" మాత్రం గట్టిదే.

## 6. పదిరోజుల పరీక్ష

కాగితం మీద తేలినదాన్ని నమ్మేయకుండా, ఒక్కో దారికి చవగ్గా దొరికే చిన్న నకలు వెతికి చేసి చూడాలి. బ్యాంకుకు మాక్ టెస్టులే నకలు. మిగతా రెండింటికీ కొంచెం బుర్ర పెట్టాల్సి వచ్చింది.

టీచరు పనికి, సాయంత్రం అరుగు మీద ఎనిమిదో తరగతి పిల్లలకు పదిరోజులు సైన్సు చెప్పాడు. ఏడుగురితో మొదలై నలుగురు మిగిలారు. ఒక్కణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే చక్కగా చెబుతున్నాడు, నలుగురు ఒక్కసారి మాట్లాడితే నోరు కట్టేసుకుంటున్నాడు. రోజూ ఆరింటికల్లా నీరసపడిపోయేవాడు. పని అయ్యాక ఎలా ఉన్నారన్నది తప్పకుండా రాసుకోండి. వచ్చిన పనికీ, నచ్చిన పనికీ తేడా అక్కడే బయటపడుతుంది.

ఫార్మా కంపెనీ గేటు లోపలికి ఊరికే రానివ్వరు. అందుకని ఊళ్లో పాల కేంద్రంలో పదిరోజులు కూర్చోమన్నాను. ఉదయం, సాయంత్రం ఒక్కొక్కరి పాలూ తూచి, వెన్న శాతం చూసి, పుస్తకంలో ఎక్కించాలి. షరతు ఒక్కటే, క్యూసీ పద్ధతిలో రాయాలి. నాలుగోరోజు ఒక గేదెపాల లెక్కలో 6.4 బదులు 4.6 రాశాడు. ఆ అంకె మీద రైతుకు డబ్బులొస్తాయి. అటు తిరిగి ఇంకొకరి క్యాను అందుకోబోతూ తనే ఆగి, గీత కొట్టి, సరిచేసి, సంతకం పెట్టాడు. ఎవరూ అడగలేదు. ఆ పేజీ ఫోటో తీసి నోటుబుక్కులో అంటించమన్నాను, వాడి కాగితాల్లో ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

ఈ పరీక్షకు ఒక హద్దుంది. పని చెయ్యగలరా అన్నది చెబుతుంది గానీ, ఆ ఉద్యోగం దొరుకుతుందా అన్నది చెప్పదు. దానికి ఇంటర్వ్యూలకు వెళ్లాల్సిందే.

## 7. ఏ తలుపు ముందు మూసుకుంటుంది?

రెండు దారులు దాదాపు సమానంగా తేలినప్పుడు చాలామంది మళ్లీ ఒకటో అడుక్కి వెళ్లిపోతారు. అవసరం లేదు. ఏది ముందు, ఏది తర్వాత అని అడగండి.

క్లర్కు పరీక్షకు జనరల్ అభ్యర్థులకు 28 ఏళ్ల వరకు వయసుంది, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. బీఎడ్ తర్వాతైనా చేసుకోవచ్చు. కంపెనీల వాకిన్‌లలో మాత్రం పాసైన సంవత్సరం అడుగుతారు. డిగ్రీ అయ్యి మూడేళ్లు ఖాళీగా ఉంటే "ఈ గ్యాపేంటి?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. పైగా ఇంటి పేజీలో సంక్రాంతి అని ఉంది. మావాడి వేగం పెరుగుతోంది గానీ, ఆ నాలుగు నెలల్లో బ్యాంకు ఉద్యోగం చేతికి రాదు. అందుకని క్యూసీ ముందు, బ్యాంకు పక్కన, టీచరు పని ప్రస్తుతానికి లేదు.

నాకు ఇందులో ఒక అనుమానం మిగిలింది, వాడికీ చెప్పాను. షిఫ్టు చేసొచ్చి చదవడం చెప్పినంత తేలిక కాదు. ఆ అనుమానాన్ని దాచకుండా ఆఖరి పేజీలో రాయించాను.

## 8. తరచూ జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

- ఇంటర్వ్యూ కోసం తయారుచేసుకున్న తియ్యటి బలహీనత రాయడం ("ప్రతిదీ మరీ పద్ధతిగా చేస్తాను"). ఈ కాగితం ఎవరికీ చూపించేది కాదు. దానివల్ల జరిగిన నష్టం ఒకటి రాయలేకపోతే కొట్టేయండి.
- భయాన్ని బలహీనతగా రాయడం. "ఇంగ్లిష్ రాదు" అన్నవాళ్లు ఎన్నిసార్లు మాట్లాడి చూశారో రాయండి. సున్నా అయితే అది ఇంకా తెలియని విషయం, బలహీనత అని అప్పుడే తేల్చకూడదు.
- స్నేహితులంతా ఒకే రూములో కూర్చుని రాయడం. శ్రీకాకుళం ఏడురోడ్ల దగ్గర కోచింగు రూముల్లో ఐదుగురు రాస్తే ఐదు కాగితాలూ బ్యాంకు వైపే చూపిస్తాయి. విడిగా రాసి, తర్వాత మార్చుకుని చదవండి.
- నాన్న కోరికను నా బలం కింద రాయడం. సాక్ష్యం గడి ఖాళీగా ఉంటే దొరికిపోతుంది.

## 9. ఆఖరి పేజీ

ఒక్క పేజీలో నాలుగు వాక్యాలు, కింద తేదీ, సంతకం. ఏ దారి, ఎప్పటివరకు, ఏ బలహీనత మీద సాధన, ఏ గుర్తు కనబడితే దారి మారుస్తాను. నాలుగోది లేకపోతే చిన్న చికాకుకే మానేస్తారు, లేదా ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోతారు. గుర్తు అంకెలో ఉండాలి. "నచ్చకపోతే" అని రాస్తే కుదరదు.

మావాడి పేజీ వాడి రాతలోనే:

"క్యూసీ వైపు వెళ్తాను. 18 నెలలు చేస్తాను. సెలవు రోజున రెండు గంటలు లెక్కల వేగం, నెలకో మాక్ టెస్టు. వరసగా మూడు నెలలు మాక్ రాయలేకపోతే షిఫ్టు లేని పని వెతుకుతాను, నెలలో ఐదుసార్లు కన్నా ఎక్కువ తలపోటుతో సెలవు పెడితే 18 నెలలు ఆగను."

"ఐదుసార్లు" దగ్గర మొదట ఇంకో అంకె ఉంది. దాన్ని దిద్దలేదు, గీత కొట్టి సంతకం పెట్టాడు.